కర్టెన్‌కు పట్టిన చేపల వేపుడు వాసన

(విశాఖపట్నంలో ఒక అపార్ట్‌మెంటు నివాసుల సమావేశంలో గృహవిజ్ఞాన అధ్యాపకురాలు ఒకరు చేసిన ప్రసంగానికి పాఠం)

అందరికీ నమస్కారం. నన్ను ఇక్కడికి పిలిచినప్పుడు మీ సంఘం వాళ్లు ఒక్కటే అడిగారు. "ఆదివారం చేపలు వేయిస్తే బుధవారం దాకా ఇల్లంతా ఆ వాసనే. కిటికీలు తీస్తున్నాం, అగరుబత్తి వెలిగిస్తున్నాం, కర్టెన్లు ఉతుకుతున్నాం. అయినా పోవడం లేదు. ఎందుకు?" అని. ఈ 'ఎందుకు' తెలిస్తే మిగతా పని సులువవుతుంది కాబట్టి ముందు దాని గురించే మాట్లాడతాను.

మూకుడులో నూనె కాగుతోంది. అందులో తడి చేప ముక్క వేశారు. చుయ్‌మని చప్పుడు వస్తుంది. ముక్క మీద ఉన్న నీరు ఒక్కసారిగా ఆవిరై పైకి లేవడమే ఆ చప్పుడు. ఆ ఆవిరి లేస్తూ తనతో పాటు నూనెను కూడా సన్నని తుంపరలుగా ఎగరగొడుతుంది. పొయ్యి చుట్టూ పడే పెద్ద చుక్కలు మన కంటికి కనిపిస్తాయి, తుడిచేస్తాం. కంటికి కనిపించనంత చిన్నవి వేడి గాలితో పాటు కప్పు దాకా వెళ్లి, అక్కడి నుంచి గోడల మీదుగా మెల్లగా దిగుతాయి. అల్మారా పైభాగం, ట్యూబులైటు పట్టీ, కిటికీకి కొట్టిన దోమల జాలీ, కర్టెన్ కడ్డీ, కర్టెన్ మీది అంచు, ఇవన్నీ వాటికి వాలే చోట్లు. అక్కడ పలుచని నూనె పొర ఏర్పడుతుంది. ఆ పొరలో చేప వాసన, ఇంగువ వాసన, వెల్లుల్లి వాసన కలిసి ఉంటాయి. అక్కడి నుంచి కొంచెం కొంచెంగా గదిలోకి వస్తూ ఉంటాయి.

గదిలో ఉన్న గాలి మొత్తాన్ని మార్చడానికి కిటికీలు తీసి ఫ్యాను వేస్తే పావుగంట పట్టదు. అంత చేసినా మర్నాడు పొద్దున మళ్లీ వాసన వచ్చిందంటే ఆ పొరే కారణం. మన విశాఖలో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. గాలిలో తేమ పెరిగినప్పుడు బట్ట పట్టుకుని ఉన్న వాసనలు ఎక్కువగా వదులుతాయి. అందుకే వానాకాలంలో, లేదా సముద్రపు గాలి బరువుగా వీచే సాయంత్రాల్లో, వంట చేయకపోయినా కర్టెన్ దగ్గర వాసన వస్తుంది.

ఇప్పుడు ఆ పొరలో ఏమేం ఉన్నాయో చూద్దాం. ఒక్కోదానికి ఒక్కో మందు కాబట్టి ఇది తెలియాలి.

సముద్రపు చేపల కండలో ట్రైమిథైలమైన్ ఆక్సైడ్ అనే పదార్థం సహజంగా ఉంటుంది. దానికి వాసన లేదు. చేప చచ్చాక సూక్ష్మజీవులు దాన్ని ట్రైమిథైలమైన్‌గా మారుస్తాయి. మనం నీచు వాసన అనేది చాలావరకు అదే. వంజరానికైనా కవళ్లకైనా ఇదే కథ. చేప ఎంత పాతదైతే ఇది అంత ఎక్కువ. రాగండి, బొచ్చె లాంటి మంచినీటి చేపల్లో ఇది చాలా తక్కువ. వాటిలో కొన్నిసార్లు వచ్చే మట్టి వాసనకు కారణం వేరు. ఈ ట్రైమిథైలమైన్ క్షార గుణం ఉన్నది. పులుపు తగిలితే లవణంగా మారి గాలిలోకి లేవడం మానేస్తుంది. చేప ముక్కలకు నిమ్మరసం పట్టించడం, చింతపండు పులుసులో చేప ఉడికించడం మన వంటల్లో ఊరికే రాలేదు.

రెండోది చేప కొవ్వు. అది గాలి తగిలితే త్వరగా చెడే రకం. వేయించినప్పుడు, ఆ తర్వాత గోడ మీద పలుచగా పరుచుకున్నప్పుడు, అది గాలితో కలిసి ముక్కిపోయిన వాసన కొడుతుంది. దీని మీద పులుపు పని చేయదు. సబ్బుతో ఆ కొవ్వును ఎత్తేయాల్సిందే.

మూడోది తాలింపు. ఇంగువ, వెల్లుల్లి వాసనలు గంధకం ఉన్న పదార్థాలవి. వీటిని కూడా వెనిగర్ ఏమీ చేయలేదు. ఇవి నూనెలో బాగా కరుగుతాయి కాబట్టి, నూనె ఎక్కడికి పోతే అక్కడికి పోతాయి. నూనె వదిలితే చాలావరకు వాటంతట అవే వదులుతాయి.

కాబట్టి ఈ రోజు నేను చెప్పేదంతా ఒక వరుస చుట్టూ తిరుగుతుంది. ముందు సబ్బుతో నూనె తీయాలి, ఆ తర్వాత పులుపుతో మిగిలిన నీచు తీయాలి. చాలామంది నేరుగా వెనిగర్ చల్లుతారు. నూనె పొర పైన ఉండగా వెనిగర్ లోపలికి దిగదు. ఇంకొందరు వెనిగర్‌లో వంటసోడా కలుపుతారు. బుసబుస పొంగుతుంది, చూడటానికి ఏదో జరుగుతున్నట్టే ఉంటుంది. కానీ ఒకటి ఆమ్లం, ఇంకొకటి క్షారం. కలిస్తే రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి, మీ చేతిలో ఉప్పునీళ్లే మిగులుతాయి. దయచేసి ఆ పని చేయకండి. బ్లీచింగ్ ద్రావణంలో వెనిగర్ గానీ మరే పులుపు గానీ అసలే కలపకండి. విషవాయువు అయిన క్లోరిన్ వస్తుంది. చిన్న వంటగదిలో అది చాలా ప్రమాదం.

మీ ఇంట్లో పొర ఎక్కడ ఉందో మీరే కనిపెట్టవచ్చు. ఒక తెల్లని పాత గుడ్డను గోరువెచ్చని నీటిలో తడిపి గట్టిగా పిండి, దాని మీద రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ వేసి, పొయ్యి పక్క అల్మారా పైభాగాన్ని ఒక్కసారి తుడవండి. గుడ్డకు తేనె రంగు జిగురు అంటితే అదే. తర్వాత ట్యూబులైటు, తర్వాత కర్టెన్ కడ్డీ. వాసనతో కనిపెట్టాలంటే మాత్రం ఇంట్లోనే ఉండి చూడకూడదు. ముక్కు కాసేపట్లో అలవాటు పడిపోతుంది. కాసేపు బయట తిరిగి లోపలికి వచ్చిన మొదటి నిమిషంలో తెలిసేదే నిజమైన వాసన.

ఒక ఇంటి సంగతి చెబుతాను. అది కూడా ఈ ఊళ్లోనే, మీ ఫ్లాట్ల లాంటిదే. వంటగది ఎనిమిది అడుగులు, ఏడు అడుగులు. హాలుకూ వంటగదికీ మధ్య తలుపు లేదు, పాలిస్టర్ కర్టెన్ ఒకటి వేలాడుతోంది. వంటగది కిటికీ పై అరలో ఎగ్జాస్ట్ ఫ్యాను బిగించారు, కింద రెక్కలు ఎప్పుడూ తెరిచే ఉంటాయి. వారానికోసారి చేపల వేపుడు, రోజూ తాలింపు. ఆ ఇల్లాలు ప్రతి సోమవారం కర్టెన్ ఉతికి వేసేవారు. మర్నాటికల్లా మళ్లీ వాసన. కర్టెన్‌ది నాసిరకం బట్ట అనుకుని కొత్తది కొన్నారు. దానికీ అంతే.

వెళ్లి చూస్తే బట్టలో లోపమేమీ లేదు. కర్టెన్ కడ్డీని వేలితో తాకితే వేలు అంటుకుంది. కడ్డీ పైన ఉన్న అటక అంచు, దాని మీద పరిచిన పాత న్యూస్ పేపర్లు నూనె పీల్చి గోధుమ రంగుకు తిరిగి ఉన్నాయి. ఉతికిన కర్టెన్‌ను ఆ కడ్డీకే మళ్లీ తగిలిస్తున్నారు. పై అంచుకు వెంటనే జిడ్డు అంటుకుంటోంది, కింది బట్ట గాలిలోంచి వాసన పీల్చుకుంటోంది. చేయాల్సిందల్లా పని వరుస మార్చడం.

మొదట కర్టెన్లు, మసిగుడ్డలు, కాళ్లు తుడుచుకునే పట్టాలు అన్నీ తీసి వంటగది బయట పెట్టించాను. గది శుభ్రమయ్యేదాకా అవి లోపలికి రాకూడదు. అటక మీది పేపర్లు పారేశాం. అవి ఎంత ఎండబెట్టినా బాగుపడవు. ఆ తర్వాత పై నుంచి కిందికి: అటక అంచు, ట్యూబులైటు, అల్మారా పైభాగం, కర్టెన్ కడ్డీ, దోమల జాలీ, టైల్స్, చివరికి పొయ్యి, దాని అడుగు భాగం. ట్యూబులైటు, స్విచ్ బోర్డు దగ్గర మెయిన్ ఆపి, బాగా పిండిన గుడ్డతోనే తుడవాలి.

తుడవడానికి ఒక లీటరు వేడి నీటిలో ఒక పెద్ద చెంచా బట్టల సోడా, అర చెంచా గిన్నెల లిక్విడ్. బట్టల సోడా అంటే ఉతకడానికి వాడేది, వంటసోడా కాదు. పాత జిడ్డుకు వంటసోడా బలం చాలదు. చేతికి గ్లౌజులు వేసుకోండి. గుడ్డతో తడిపి ఐదు నిమిషాలు నానబెట్టండి, జిడ్డు మెత్తబడ్డాక తుడవండి. వెంటనే గీకితే అలిసిపోతారు, జిడ్డు మాత్రం కదలదు. ఆ తర్వాత మంచినీళ్ల గుడ్డతో రెండుసార్లు తుడవాలి. రెండోసారి తప్పనిసరి. సబ్బు పొర మిగిలితే అది మళ్లీ జిడ్డును పట్టుకుంటుంది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. అల్యూమినియానికి బట్టల సోడా తగలనివ్వకండి. చిమ్నీ జాలీలు చాలావాటికి అల్యూమినియమే ఉంటుంది, సోడా తగిలితే నల్లబడి పాడవుతుంది. వాటికి వేడి నీళ్లు, గిన్నెల లిక్విడ్ చాలు. రెండోది, పొయ్యి వెనక టైల్స్ మధ్య సందుల్లో పసుపు చిందిన చోట సోడా తగిలితే ఎర్రగా మారుతుంది. చూసి కంగారు పడకండి. పసుపు క్షారం తగిలితే ఎరుపెక్కుతుంది, మంచినీళ్లతో కడిగితే మళ్లీ పసుపు రంగుకే వస్తుంది.

జిడ్డు పోయాక వెనిగర్. బజారులో దొరికే తెల్లని వెనిగర్‌కు అంతే నీళ్లు కలిపి, గుడ్డతో టైల్స్, కడ్డీ, సింకు తుడిచి పది నిమిషాలు వదిలి, నీళ్లతో తుడిచేయాలి. కానీ మీ వంటగట్టు ఏ రాయో ముందు చూసుకోండి. మన ఇళ్లలో చాలాచోట్ల కడప రాయి గట్లు, అరలు ఉంటాయి. తాండూరు బండలు పరిచిన ఇళ్లూ ఉన్నాయి. ఇవి రెండూ సున్నపురాయి జాతివి. వెనిగర్ పడినా నిమ్మరసం పడినా మెరుపు పోయి తెల్లటి మచ్చ పడుతుంది, ఆ మచ్చ తుడిస్తే పోదు, మళ్లీ పాలిష్ పట్టించాల్సిందే. పాలరాయి కూడా అంతే. ఈ రాళ్లకు సబ్బు నీళ్లతోనే రెండుసార్లు కడగండి, వెనిగర్ వద్దు.

ఇప్పుడు కర్టెన్ దగ్గరికి వద్దాం. దీని గురించి కొంచెం ఎక్కువసేపు చెబుతాను, ఎందుకంటే అందరూ ఎక్కువ ఇబ్బంది పడుతున్నది దీనితోనే.

నూలు బట్ట నీటిని ఇష్టపడుతుంది. నూనె అంటినా వేడి సబ్బు నీరు పోగులోకి దిగి బయటికి తెస్తుంది. పాలిస్టర్ నీటిని పీల్చదు, నూనెను మాత్రం అంటిపెట్టుకుంటుంది. కొత్తగా కొనే కర్టెన్లలో ఎక్కువ భాగం పాలిస్టరే. అందుకే మామూలుగా మెషీన్లో వేస్తే మురికి పోతుంది, వాసన మిగులుతుంది. దాన్ని ఉతికే పద్ధతి వేరు.

బట్ట తడపక ముందే మొదలుపెట్టాలి. పొడిగా ఉన్న కర్టెన్‌ను నేల మీద పరవండి. పై అంచు చూడండి, కుచ్చుల కోసం లోపల గట్టి పట్టీ పెట్టి కుట్టి ఉంటుంది. వేడి నూనె గాలి పైకి వెళుతుంది కాబట్టి నూనె ఎక్కువగా చేరేది అక్కడే. పట్టీ లోపల మడతల్లో దాక్కుంటుంది కాబట్టి పైపైన ఉతికితే రాదు. ఇంకొక చోటు, కర్టెన్ పక్కకు లాగడానికి రోజూ చేత్తో పట్టుకునే అంచు. తాలింపు వేసిన చేత్తోనే పట్టుకుంటాం కదా. ఈ రెండు చోట్లా గిన్నెల లిక్విడ్‌ను నీళ్లు కలపకుండా నేరుగా పూసి, మెత్తని బ్రష్‌తో మెల్లగా రుద్ది, పావుగంట వదిలేయండి. బట్ట తడిగా ఉంటే నీరు అడ్డుపడి లిక్విడ్ నూనె దాకా చేరదు. అందుకే పొడి బట్ట మీద పూయమంటున్నాను. రంగు బట్టయితే ముందు లోపలి మడతలో ఒక మూల పూసి, తెల్లగుడ్డతో అద్ది, రంగు వదలడం లేదని చూసుకోండి.

తర్వాత పది లీటర్ల బకెట్లో చెయ్యి పెట్టగలిగినంత వేడి నీళ్లు, సుమారు 40 డిగ్రీలు అనుకోండి, రెండు పెద్ద చెంచాల గిన్నెల లిక్విడ్ కలిపి కర్టెన్ ముంచి అరగంట ఉంచండి. అరగంటయ్యాక ఆ నీళ్ల రంగు చూడండి. ఆ ఇంట్లో మొదటి బకెట్ నీళ్లు పలుచని టీ రంగుకు తిరిగాయి. ఉతికి వేసి వారం కూడా కాని కర్టెన్ అది! నీళ్లు పారబోసి మళ్లీ నానబెట్టించాను. రెండోసారి కొంచెం మసకగా వచ్చాయి. నీళ్లు తేటగా వచ్చేదాకా నానబెట్టాలి, ఇదే లెక్క. ఆ తర్వాత మెషీన్లో మామూలు డిటర్జెంటుతో వేయండి, మెషీన్ సగమే నిండేలా. కిక్కిరిస్తే నీరు ఆడదు.

బట్ట మెత్తగా ఉండటానికని వేసే కండిషనర్ ద్రవం ఈ కర్టెన్లకు వాడకండి. అది పోగు మీద కొవ్వు లాంటి పలుచని పూత వదులుతుంది. ఆ పూతే తర్వాత వంటనూనెను ఆకర్షిస్తుంది. దాని పరిమళం వల్ల మొదటి రెండు రోజులు వాసన పోయిందనిపిస్తుంది, మూడో రోజు రెండూ కలిసి ఇంకా ఘోరంగా ఉంటుంది.

చివరి జాడింపులో, అంటే సబ్బంతా పోయాక, పది లీటర్ల నీటికి అర టీకప్పు తెల్ల వెనిగర్ కలిపి పది నిమిషాలు ముంచి తీయండి. మిగిలిన నీచు ఇక్కడ తెగిపోతుంది. వెనిగర్ వాసన ఆరేటప్పుడు పోతుంది. వెనిగర్ లేదని చింతపండు నీళ్లు, నిమ్మరసం వాడకండి. మచ్చలు పడతాయి, జిగురు మిగులుతుంది. పై అంచుకు లోహపు రింగులుంటే ఒకసారి మంచినీళ్లతో జాడించండి.

ఇస్త్రీ చేసే ముందు ఒక పరీక్ష. పూర్తిగా ఆరాక పై పట్టీని అరచేతుల మధ్య పెట్టి ఒక నిమిషం గట్టిగా వెచ్చబెట్టి, అప్పుడు వాసన చూడండి. చల్లని బట్ట దాచిపెట్టేది వెచ్చని బట్ట చెప్పేస్తుంది. కొంచెమైనా వస్తే ఇస్త్రీ పెట్టకండి, మళ్లీ లిక్విడ్ పూయండి. మిగిలిన నూనె మీద ఇస్త్రీ వేడి తగిలితే అది పోగులో గట్టిగా పట్టేసుకుంటుంది, ఆ తర్వాత తీయడం చాలా కష్టం.

వెనక రబ్బరు పూత ఉన్న, వెలుతురు ఆపే కర్టెన్లకు ఇదేదీ పనికిరాదు. వేడి నీళ్లకు పూత పెచ్చులూడుతుంది. వాటిని చల్లని సబ్బు నీటి గుడ్డతో రెండు వైపులా తుడిచి నీడలో గాలికి ఆరబెట్టడం తప్ప వేరే దారి లేదు. వంటగది దగ్గర అలాంటివి వేయకపోవడమే మంచిది. నన్నడిగితే వంటగది ద్వారానికి పలుచని నూలు కర్టెన్ రెండు జతలు పెట్టుకోండి. చేపలు వండేరోజు అది కూడా తీసేయండి.

(సభలో ఒకరు: "ఫ్యాను సంగతి చెప్పలేదు మేడం. మాకూ కిటికీ పైనే ఉంది.")

వస్తున్నానమ్మా. ఆ ఇంట్లో ఫ్యాను బాగానే తిరుగుతోంది, చప్పుడు కూడా గట్టిగానే ఉంది. ఒక అగరుబత్తి వెలిగించి పొయ్యి పక్కన పట్టుకున్నాను. పొగ ఫ్యాను వైపు వెళ్లాలి. వెళ్లలేదు, నేరుగా పైకి లేచి హాలు వైపు తిరిగింది. అదే బత్తిని ఫ్యాను కింద తెరిచి ఉన్న కిటికీ రెక్క దగ్గర పెడితే పొగ జోరుగా ఫ్యానులోకి పోయింది. విషయం అర్థమైంది కదా? ఫ్యాను తనకు దగ్గరగా ఉన్న కిటికీ లోంచి బయటి గాలి లాగి మళ్లీ బయటికే పంపుతోంది. పొయ్యి మీది గాలికి వంతు రావడం లేదు.

కింది రెక్కలు మూయించి, వంటగదికి దూరంగా హాలులో ఉన్న కిటికీ ఒక జానెడు తెరిపించాను. మళ్లీ బత్తి పెడితే ఈసారి ద్వారం దగ్గర పొగ హాలు నుంచి వంటగదిలోకి వంగింది, పొయ్యి మీది పొగ ఫ్యాను వైపు సాగింది. ఒక్క రూపాయి ఖర్చు లేదు. ఈ పరీక్ష మీరందరూ ఇంటికి వెళ్లగానే చేయండి. పడకగది తలుపులు మూసి ఉంచండి, హాలులో సీలింగ్ ఫ్యాను ఆపండి. అది తిరుగుతుంటే గాలిని అటూ ఇటూ చెదరగొట్టి వాసనను ఇల్లంతా పంచుతుంది. ఎగ్జాస్ట్ ఫ్యాను నూనె పెట్టకముందే వేయండి, దించాక పావుగంట ఉంచండి. రెక్కలకు జిడ్డు పట్టి మందమైతే గాలి లాగడం తగ్గుతుంది కాబట్టి నెలకోసారి మెయిన్ ఆపి రెక్కలు కడగండి.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. కిటికీలన్నీ మూసేసి ఎగ్జాస్ట్ మాత్రం వేయకండి. లోపలికి గాలి రావడానికి ఒక దారి ఉండాలి. ముఖ్యంగా బాత్‌రూములో గ్యాస్ గీజరు ఉన్న ఇళ్లలో, బయటికి పోవాల్సిన దాని కాలిన వాయువును ఈ ఫ్యాను ఇంట్లోకి లాగగలదు. అది ప్రాణాంతకం.

ఇక పొయ్యి దగ్గర. తుంపర పుట్టడానికి కారణం నీరని మొదట్లో చెప్పాను. అందుకని ముక్కలకు ఉప్పు, కారం, నిమ్మరసం పట్టించి నానబెట్టాక ఊరిన నీటిని వంచేసి, ముక్క పైభాగాన్ని పొడిగుడ్డతో అద్ది, బియ్యప్పిండి పలుచగా పొర్లించి వేయండి. తుంపర బాగా తగ్గడం మీ కళ్లతోనే చూస్తారు. వండే ముందు మజ్జిగతో కడిగే అలవాటు ఉన్నవాళ్లు మానకండి. మజ్జిగలో పులుపు, పాల మాంసకృత్తులు రెండూ నీచును పట్టుకుంటాయి. నూనె పొగలు కక్కేదాకా కాగనివ్వకండి, మూకుడు మీద సన్నజాలీ మూత పెట్టండి. ఆ రోజు మిగిలిన నూనెను దాచుకోకండి. చేప కొవ్వు కలిసిన నూనె త్వరగా చెడుతుంది, మళ్లీ కాచినప్పుడు వచ్చే వాసన మొదటిదానికన్నా ఘాటు. సింకులో పోయకుండా, చల్లారాక పాత కాగితాల్లో పీల్పించి చెత్తలో వేయండి. చేప కడిగిన నీళ్లు సింకులో పోస్తే వెంటనే వేడి సబ్బు నీళ్లు పోయండి. పొలుసులు, మొప్పలు ఆ రాత్రికి డబ్బాలో ఉంచకండి.

తాలింపుకు మూతే మందు. ఆవాలు వేయగానే మూత పెట్టండి, చిటపటలు తగ్గాక ఎండుమిర్చి, వెల్లుల్లి, ఆ పైన పొయ్యి ఆపి ఇంగువ. ఇంగువకు నూనెలో మిగిలిన వేడి చాలు. మిర్చి మాడిన పొగే దగ్గు తెప్పించేది, అది మాడకపోతే కర్టెన్‌కూ ఘాటు పట్టదు. వెంటనే పప్పులో వంచి మూత వేయండి. ఆ వాసన పప్పుకే దక్కుతుంది.

(సభలో ఒకరు: "సాంబ్రాణి వేస్తే పోతుందంటారు, దాల్చినచెక్క నీళ్లు మరిగించమంటారు. కాఫీ పొడి గిన్నెలో పెట్టమంటారు.")

సాంబ్రాణి నాకూ ఇష్టమే, కానీ అది ఈ పని చేయదు. పొగ కూడా సన్నని రేణువులే, అవి ఆ జిడ్డు మీదే వాలతాయి. దాల్చినచెక్క నీళ్లు చుట్టాలు వస్తున్నారంటే ఒక గంట పని చేస్తాయి, వాసనను కప్పుతాయి. పైగా ఆ ఆవిరి గదిలో తేమ పెంచుతుంది. కాఫీ పొడి, బొగ్గు లాంటివి ఫ్రిజ్ అంత మూసిన చిన్న చోటులో కొంత పీలుస్తాయి. గదికి ఒక గిన్నెడు ఏ మూలకూ చాలదు.

(సభలో మరొకరు: "మా అమ్మాయి అమెరికాలో అపార్ట్‌మెంటులో ఉంటుంది. పొయ్యి మీద హుడ్ ఉంది, వేసినా లాభం లేదంటోంది.")

అది గాలిని బయటికి పంపే రకమా, వడగట్టి మళ్లీ గదిలోకే వదిలే రకమా అని అడగండి. హుడ్ ముందు భాగంలో, తల ఎత్తున చెయ్యి పెడితే గాలి మొహానికి తగులుతుంటే అది రెండో రకం. దానిలో లోహపు జాలీ నూనెను ఆపుతుంది, బొగ్గు ఫిల్టర్ వాసనను ఆపాలి. జాలీని కడగవచ్చు. బొగ్గు ఫిల్టర్‌ను మాత్రం చాలా రకాల్లో కడగకూడదు, కొన్ని నెలలకోసారి మార్చాలి. అద్దె ఇళ్లలో అది ఏళ్ల తరబడి మార్చకుండా ఉంటుంది, కొన్నిచోట్ల అసలు పెట్టి ఉండదు. అది మార్చి, వండేటప్పుడు దగ్గర కిటికీలో బయటికి గాలి తోసేలా ఒక బాక్సు ఫ్యాను పెడితే సరిపోతుంది. చలికాలం కోట్లు తగిలించే అల్మారా తలుపు వంటకు ముందే మూసేయమనండి. ఉన్ని కోట్లకు తాలింపు పడితే ఆఫీసు దాకా వెంట వస్తుంది.

(సభలో ఇంకొకరు: "మాది అద్దె ఇల్లు. గోడలకు డిస్టెంపర్ వేశారు. తుడిస్తే రంగు వస్తోంది.")

డిస్టెంపర్ గోడను సబ్బుతో కడగలేం, నిజమే. అది నూనెను పీల్చుకుంటుంది కూడా. దాని మీద మామూలుగా మళ్లీ డిస్టెంపర్ కొట్టిస్తే కొన్నాళ్లకు జిడ్డు మరకలు, వాసన రెండూ పైకి వస్తాయి. ఇంటివాళ్లు ఒప్పుకుంటే పొయ్యి చుట్టూ, దాని మీద కప్పు దాకా ఉన్న భాగం మాత్రం గీకించి, ఆయిల్ ప్రైమర్ ఒక పూత వేయించి, ఆ పైన కడగడానికి వీలైన రంగు వేయించండి. ఒప్పుకోకపోతే పొయ్యి వెనక గోడకు ఒక పలుచని స్టీలు రేకు ఆనించి పెట్టుకోండి, వంటయ్యాక అది తీసి సింకులో కడుక్కోవచ్చు. ప్లాస్టిక్ షీటు మాత్రం పొయ్యి దగ్గర వద్దమ్మా, మంట తగిలితే అంటుకుంటుంది.